ఎంసీబీ చూడలేని వేడి: తోటి ఎలక్ట్రీషియన్లకు బహిరంగ లేఖ

మిత్రులారా,

ఇళ్లలోనూ దుకాణాల్లోనూ వైరింగ్, మరమ్మతులు చేసే మీకందరికీ ఈ లేఖ రాస్తున్నాను. నేనూ ఆ పనిలో ఉన్నవాణ్ణే. మంటలు ఆర్పిన తర్వాత కాలిపోయిన బోర్డులు విప్పి, నిప్పు ఎక్కడ పుట్టిందో చూడమని నన్ను పిలుస్తుంటారు. అలా విప్పిన ప్రతిసారీ మనసు కష్టపడుతుంది. ఆ నిప్పు ఒక్క రోజులో పుట్టినది కాదని చూడగానే తెలిసిపోతుంది. నెలల తరబడి ఆ బోర్డు ఏదో ఒక గుర్తు చూపిస్తూనే ఉండి ఉంటుంది. ఆ మధ్యలో మనలో ఎవరో ఒకరు అక్కడికి వెళ్లి, ఇంకేదో పని చేసి తిరిగి వచ్చేసి ఉంటారు.

యజమానులకు కాకుండా మీకు ఎందుకు రాస్తున్నానంటే, గోడలో ఏ సైజు వైరు ఉందో వారికి తెలియదు. సాకెట్ మూత వెనక ఏముందో వారు ఎన్నడూ చూడరు. చూడగలిగింది మనం మాత్రమే. మనల్ని పిలిచేది కూడా ఎక్కువగా రెండే ఫిర్యాదులతో: ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని ఒకటి, ప్లగ్గులు చాలడం లేదని మరొకటి. మొదటిదానికి పెద్ద ఎంసీబీ, రెండోదానికి ఎక్స్‌టెన్షన్ బోర్డు. రెండూ కాసేపట్లో అయిపోయే పనులు, రెండింటితోనూ పిలిచినవారు సంతోషిస్తారు. నేను విప్పిన కాలిన బోర్డుల వెనక మళ్లీ మళ్లీ కనిపించేవీ ఈ రెండు పనులే.

ముందుగా ఎంసీబీ సంగతి. లైన్లో ఎంసీబీ ఉంది కాబట్టి భయం లేదన్న నమ్మకం యజమానుల్లోనే కాదు, మనలోనూ గట్టిగా ఉంది. ఎంసీబీ చూసేది ఒక్కటే, తనలోంచి ఎంత కరెంటు పోతోందో. షార్ట్ అయితే కరెంటు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది, అది క్షణంలో పడిపోతుంది. లోడు ఎక్కువైతే లోపలి లోహపు పట్టీ వేడెక్కి మెల్లగా వంగి, ఆ తర్వాత పడిపోతుంది. కరెంటు మామూలుగానే ఉండి, దారిలో ఒక్క చోట మాత్రం వేడి పుడుతుంటే దానికి ఏమీ తెలియదు. లూజ్ కాంటాక్ట్ చేసే పని సరిగ్గా అదే.

లెక్క వేసి చూద్దాం. 230 వోల్టుల మీద 2000 వాట్ల హీటర్ నడుస్తోంది. అది తీసుకునేది 8.7 ఆంపియర్లు. సాకెట్ వెనక స్క్రూ కింద రాగి గట్టిగా పట్టి ఉంటే అక్కడి నిరోధం ఓమ్‌లో వెయ్యో వంతు, రెండు వెయ్యో వంతులు ఉంటుంది. అక్కడ పుట్టే వేడి ఒక వాట్‌లో ఆరో వంతు కూడా ఉండదు, చేతికి తెలియదు. అదే స్క్రూ వదులై, రాగి నల్లబడి, నిరోధం అర ఓమ్‌కు చేరిందనుకోండి. హీటర్ నిరోధం 26 ఓమ్‌లకు పైమాటే కాబట్టి ఈ అర ఓమ్ వల్ల కరెంటు 8.7 నుంచి 8.5కు తగ్గుతుంది, అంతే. హీటర్ ఎప్పటిలాగే వేడిగా ఉంటుంది. వోల్టేజీలో నాలుగు వోల్టులకు కాస్త పైన పోతాయి, దాన్ని ఎవరూ గమనించరు. కానీ ఆ స్క్రూ కింద, బియ్యపు గింజంత చోట, 36 వాట్ల వేడి పుడుతోంది. మనం వాడే మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంతకంటే పెద్ద సోల్డరింగ్ ఐరన్‌ను గోడలోని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, మూత బిగించి, హీటర్ నడిచినంతసేపూ వదిలేసినట్టే అది.

ఇక్కడ 16 ఆంపియర్ల ఎంసీబీ ఉంది. దాని దృష్టిలో 8.5 ఆంపియర్లంటే సగం లోడు. అది పడిపోదు, పడిపోవడానికి కారణమే లేదు. దాని పక్కన ఆర్‌సీసీబీ ఉన్నా అంతే. అది ఫేజ్‌లో పోయిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగివచ్చిన కరెంటుకూ తేడా చూస్తుంది. ఇక్కడ తేడా లేదు, పోయిందంతా తిరిగి వస్తోంది. ఇన్సులేషన్ మాడి బొగ్గై, ఆ బొగ్గు గుండా ఎర్త్‌కు లీకేజీ మొదలయ్యాక గాని అది పడదు. కొన్ని చోట్ల ఇప్పుడు ఏఎఫ్‌డీడీ అనే పరికరం పెడుతున్నారు, వైరింగ్‌లో నిప్పురవ్వల లాంటి ఆర్క్‌ను గుర్తుపట్టేది. అది మంచిదే, పెట్టగలిగిన చోట పెట్టండి. కానీ ఆర్క్ లేకుండా ఎర్రగా కాగుతూ ఉండే జాయింటును అదీ పట్టుకోలేకపోవచ్చు.

ఎర్రగా కాగడం అన్నది అతిశయోక్తి కాదు. వదులైన రాగి జాయింటు పదేపదే వేడెక్కి చల్లబడుతుంటే రాగి మీద ఆక్సైడ్ పొర పెరుగుతుంది. లోహాలు వేడెక్కితే నిరోధం పెరుగుతుంది, ఈ ఆక్సైడ్‌కు మాత్రం వేడెక్కిన కొద్దీ తగ్గుతుంది. దాంతో కరెంటు అన్ని దారులూ వదిలి, బాగా వేడెక్కిన ఒక్క సన్నని దారినే పట్టుకుంటుంది. ఆ బిందువు ఉష్ణోగ్రత 1200 డిగ్రీల చుట్టుపక్కలకు పోతుంది. చీకట్లో చూస్తే స్క్రూ పక్కన ఎర్రటి పురుగు పాకినట్టు మెల్లగా కదులుతూ ఉంటుంది. చప్పుడు ఉండదు. కొన్ని ఆంపియర్ల కరెంటు చాలు, లోడు నడిచినంతసేపూ అది అలా ఉండగలదు.

అలా కొన్నాళ్లు నడిచిన సాకెట్‌ను విప్పితే ఏం కనిపిస్తుందో మీలో చాలామందికి తెలుసు, అయినా చెబుతాను. బయటి మూత మీద ఒక రంధ్రం పక్కన మాత్రమే లేత గోధుమ రంగు మచ్చ. మూత తీయగానే చేపల వాసన లాంటి ఘాటు. మూడు టెర్మినళ్లలో ఎర్త్‌ది కొత్తదానిలా మెరుస్తుంటుంది, న్యూట్రల్ కాస్త మసకబారి ఉంటుంది, ఫేజ్ స్క్రూ నల్లగా, దాని చుట్టూ ప్లాస్టిక్ పొంగి బుడగలు కట్టి ఉంటుంది. అక్కడికి వచ్చే వైరు ఇన్సులేషన్ రెండు అంగుళాల మేర గట్టిపడి, వంచితే పెంకులా విరుగుతుంది. రాగి మీద గులాబీ రంగు పోయి ఊదా, నలుపు కలిసిన పొర. ముఖ్యంగా చూడవలసింది ఇది: నష్టమంతా ఒక్క స్క్రూ దగ్గర మొదలై బయటికి పోతూ తగ్గుతుంది. వైరంతా సమానంగా మాడి ఉంటే అది ఓవర్‌లోడు. ఒక్క చోటే మాడి ఉంటే అది జాయింటు. కాలిపోయిన ఇంట్లో కరిగి గుండ్రటి పూసలా గడ్డకట్టిన రాగి కనిపిస్తే, షార్ట్ సర్క్యూట్ వల్లే మంట పుట్టిందని వెంటనే రాసేస్తుంటారు. చాలాసార్లు మంటే ముందు వచ్చి, ఇన్సులేషన్ కరిగి, అప్పుడు వైర్లు కలిసి షార్ట్ అయి ఉంటాయి. మంట పుట్టిన చోటును వెతకాలంటే ఆ పూస దగ్గర ఆగిపోకుండా, స్క్రూల దాకా పోవాలి.

స్క్రూ ఎందుకు వదులవుతుందంటే, ఒకటి, మనం మొదట్లోనే సరిగా బిగించకపోవడం. ఒకే స్క్రూ కింద మూడు వైర్లు దూర్చడం, ఒకటి లావు, ఒకటి సన్నం అయితే లావుదే పట్టుబడి సన్నది వేలాడటం, ఇన్సులేషన్ మీదనే స్క్రూ కూర్చోవడం, సన్నని తీగల వైరు చివర సగం తీగలు తెగిపోయి మిగిలిన సగమే లోపలికి పోవడం. సన్నని తీగల చివర్లకు సీసం పూసి బిగించే అలవాటు కొందరికి ఉంది. చూడటానికి నీట్‌గా ఉంటుంది, బిగించినప్పుడు గట్టిగా ఉంటుంది. కానీ సోల్డర్ మెత్తటి లోహం, ఒత్తిడి కింద రోజురోజుకూ జారిపోతుంది, కొన్ని నెలలకు స్క్రూ కింద ఖాళీ ఏర్పడుతుంది. దాని బదులు ఫెర్రూల్ వేసి నొక్కండి. రెండో కారణం మన చేతిలో లేనిది. లోడు పడినప్పుడల్లా లోహం వ్యాకోచిస్తుంది, ఆగినప్పుడు సంకోచిస్తుంది. ఏళ్ల తరబడి ఇది జరిగితే బాగా బిగించిన స్క్రూ కూడా కొద్దికొద్దిగా పట్టు కోల్పోతుంది. పట్టు తగ్గితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే పట్టు ఇంకా తగ్గుతుంది. ఓవర్‌లోడుకూ లూజ్ కాంటాక్ట్‌కూ సంబంధం ఇక్కడే ఉంది. వేడి కరెంటుకు వర్గంగా పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే అదే స్క్రూ దగ్గర వేడి నాలుగింతలవుతుంది. ఏళ్ల తరబడి తక్కువ లోడు మీద చల్లగా గడిపేసిన బలహీనమైన జాయింటు, పెద్ద లోడు తగిలించిన కొద్ది వారాల్లో బయటపడేది ఇందుకే.

ఇప్పుడు ఎంసీబీ పడిపోతోందని పిలిచే దుకాణం దగ్గరికి వెళ్దాం. ఇలాంటి చోటికి మీరూ వెళ్లే ఉంటారు. పాత వైరింగ్, సాకెట్ల లైను అంతా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, గోడలోని పైపులో దాని పక్కనే ఇంకో లైను కూడా ఉంది. మొదట వేసినవారు 10 ఆంపియర్ల ఎంసీబీ పెట్టారు. అప్పటి లోడు దీపాలు, ఫ్యాన్లు. తర్వాత రెండు పెద్ద ఫ్రీజర్లు వచ్చాయి, కలిపి 4 ఆంపియర్లు. కంప్యూటర్, దీపాలు, ఫ్యాన్లు 2 ఆంపియర్లు. ఆ పైన ఒక ఏసీ, ఆరున్నర ఆంపియర్లు. మొత్తం పన్నెండున్నర. ఎంసీబీ ప్రమాణం ప్రకారం తన రేటింగుకు 1.13 రెట్ల వరకు కరెంటు పోతే గంటసేపటికీ పడకూడదు, 1.45 రెట్లు పోతే గంటలోపు పడి తీరాలి. అంటే 10 ఆంపియర్లదానికి 11.3 దాకా అభ్యంతరం లేదు, 14.5కు తప్పక పడుతుంది. పన్నెండున్నర ఆ రెంటికీ మధ్యన ఉంది. అందుకే అది ఉదయం పడదు, మధ్యాహ్నం ఎండ ముదిరి డీబీ లోపల వేడెక్కాక పడుతుంది. యజమానికి అది ఎంసీబీ లోపంలా కనిపిస్తుంది. నిజానికి అది తన పని తాను చేస్తోంది.

అక్కడ 20 ఆంపియర్లది పెట్టేశామనుకోండి. ఇక పడదు. యజమాని ధైర్యం తెచ్చుకుని రెండో ఏసీ కూడా అదే లైన్లో పెడతాడు. మొత్తం 19 ఆంపియర్లు. కొత్త ఎంసీబీ 22.6 దాకా గంటసేపు కదలదు కాబట్టి దీనికి సమ్మతమే. ఇప్పుడు వైరు సంగతి చూడండి. 1.5 వైరు గోడ పైపులో ఒంటరిగా, 30 డిగ్రీల వాతావరణంలో ఉంటే సుమారు 17 ఆంపియర్లు మోస్తుంది. పైపులో రెండు లైన్లు కలిసి ఉంటే అందులో ఐదో వంతు తగ్గించాలి, 14కు దిగుతుంది. చుట్టూ 40 డిగ్రీల వేడి ఉంటే ఇంకా తగ్గి 12 దగ్గరకు వస్తుంది. ఆ 12 ఆంపియర్ల దగ్గర వైరు 70 డిగ్రీలకు చేరుతుంది, పీవీసీ ఇన్సులేషన్ నిత్యం భరించగలిగేది అంతే. 19 ఆంపియర్లంటే ఒకటిన్నర రెట్లకు పైన. వేడి దాదాపు రెండున్నర రెట్లు. 40 నుంచి 70కి పెరిగిన 30 డిగ్రీలు ఇప్పుడు 70 డిగ్రీలకు పైన పెరుగుతాయి. అంటే వైరు 110 డిగ్రీలు దాటుతుంది, ప్రతి మధ్యాహ్నం, గంటల తరబడి. ఇది స్థూలమైన లెక్కే. అయినా ఏ దిక్కుగా పోతున్నామో చూపడానికి చాలు.

110 డిగ్రీల దగ్గర పీవీసీ వెంటనే అంటుకోదు. అందుకే ఆ పెద్ద ఎంసీబీ పెట్టిన రోజు ఏమీ జరగదు, నెలకూ ఏమీ జరగదు. కానీ పీవీసీని మెత్తగా ఉంచే పదార్థం ఆవిరైపోతుంటుంది. ఉష్ణోగ్రత పెరిగే ప్రతి 10 డిగ్రీలకూ ఇన్సులేషన్ ఆయుష్షు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే మోటు లెక్క. ముప్పై ఏళ్లు రావలసిన వైరుకు నలభై డిగ్రీలు అదనంగా పడితే పదహారో వంతు, అంటే రెండేళ్లకు లోపే. ఈ లైను మొత్తం కరెంటు మోసేది డీబీ నుంచి మొదటి సాకెట్ దాకా ఉన్న ముక్క, మొదటి సాకెట్‌లోని లూపు స్క్రూ. తర్వాతి సాకెట్లన్నిటి కరెంటూ ఆ ఒక్క స్క్రూ కింద నుంచే పోతుంది. ఏసీ ఆఖరి సాకెట్‌లో ఉన్నా, కాలేది ఏ ప్లగ్గూ పెట్టని మొదటి సాకెట్ కావచ్చు. యజమాని రోజూ ఏసీ ప్లగ్గును తాకి చూసి చల్లగానే ఉందని తృప్తిపడుతుంటాడు.

ఎంసీబీ సైజు వైరును బట్టి పెట్టేది, లోడును బట్టి కాదు. ఇది మనందరం మొదటి రోజుల్లోనే నేర్చుకున్న పాఠం. లోడు పెరిగిందా, కొత్త లైను లాగాలి. ఆ దుకాణానికి కావలసింది ఏసీలకు వేర్వేరుగా డీబీ నుంచి 2.5 లేదా 4 వైరుతో లైన్లు, వాటికి తగిన ఎంసీబీలు. యజమాని ఒప్పుకోకపోతే 10 ఆంపియర్లదే ఉంచి, ఏసీ ఆ లైన్లో నడవదని చెప్పి రావాలి. కష్టమే, తెలుసు. మనం పెట్టకపోతే ఇంకొకరు పెడతారన్న మాట కూడా నేను చాలాసార్లు విన్నాను. ఈ లేఖ మీ అందరికీ కలిపి రాస్తున్నది ఆ ఇంకొకరు కూడా చదవాలనే.

ఇక ఎక్స్‌టెన్షన్ బోర్డులు. వీటిలో ఎక్కువగా వచ్చే వైరు 0.75 చదరపు మిల్లీమీటర్లది, 6 ఆంపియర్ల చుట్టుపక్కల లోడుకు తగినది. ఐదు మీటర్ల బోర్డులో పోను, రాను కలిపి పది మీటర్ల రాగి, నిరోధం పావు ఓమ్‌కు కాస్త ఎక్కువ. 6 ఆంపియర్లు పోతే మొత్తం వైరులో పుట్టే వేడి 9 వాట్లు, మీటరుకు రెండు వాట్లు కూడా కాదు, గాలికి పోతుంది. అదే బోర్డుకు 2000 వాట్ల హీటర్, 1000 వాట్ల ఇంకో పరికరం తగిలిస్తే 13 ఆంపియర్లు, 44 వాట్లు. మీటరుకు 9 వాట్లు. నేల మీద సాగదీసి ఉంటే వెచ్చగా తెలుస్తుంది. మిగిలిన వైరును చుట్ట చుట్టి బల్ల వెనక పెడితే, చాప కింద నుంచి తీసుకెళ్తే, ఆ వేడి బయటికి పోయే దారి లేక చుట్ట లోపలి పొరల్లో పేరుకుంటుంది. గోడ సాకెట్‌కు ఉన్నది 16 ఆంపియర్ల ఎంసీబీ. దానికి 13 ఆంపియర్లు మామూలు లోడే. ఇన్సులేషన్ కరిగి రెండు తీగలూ కలిసిపోయాక గాని అది మేలుకోదు. పైగా, పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న నాసిరకం వైరు వేసిన బోర్డులూ ఉన్నాయి. వాటి నిరోధం పైన చెప్పినదానికంటే బాగా ఎక్కువ. తీగను గోటితోనో కత్తి మొనతోనో గీరితే లోపల తెల్లగా కనిపిస్తుంది.

వైరుకంటే నాకు ఎక్కువ భయం కలిగించేది బోర్డు రంధ్రాలు. అన్ని రకాల పిన్నులూ పట్టేలా చేసిన రంధ్రంలో ఏ పిన్నూ నిండుగా పట్టదు, అంచున ఒక గీతలా తగులుతుంది. లోపల స్ప్రింగు పట్టీ పలచటి ఇత్తడి. రెండు మూడు సార్లు బాగా వేడెక్కితే దాని బిగువు పోతుంది, మళ్లీ రాదు. ప్లగ్గు పెట్టి వేలితో తడితే ఊగుతుందా, తీస్తే ఏ బలమూ లేకుండా ఊడి వస్తుందా, ఆ బోర్డు పని అయిపోయినట్టే. ఇక్కడ ఒక విషయం తప్పనిసరిగా గుర్తుపెట్టుకోవాలి. పిన్ను నల్లబడితే కొత్త సాకెట్ వేసి పాత ప్లగ్గునే అందులో పెట్టడం, లేదా ప్లగ్గు మార్చి పాత సాకెట్‌ను ఉంచడం మనం చేస్తుంటాం. నల్లబడిన పిన్ను కొత్త సాకెట్‌ను పాడుచేస్తుంది, బిగువు పోయిన సాకెట్ కొత్త ప్లగ్గును కాలుస్తుంది. రెండూ కలిపి మార్చాలి, వెనక వైరు రంగు మారినంత మేర కోసి మెరిసే రాగి దాకా పోవాలి. వైరు పొడవు చాలకపోతే అక్కడ జాయింటు వేసి టేపు చుట్టకండి. సరైన కనెక్టర్‌తో పెట్టెలోనే కలపండి, లేదా ఆ ముక్క మార్చండి.

ఎక్స్‌టెన్షన్ బోర్డు దేనికి పనికివస్తుందో యజమానికి ఒక్క వాక్యంలో చెప్పండి: ఫోను చార్జర్లు, కంప్యూటర్, టీవీ, దీపం. వేడి పుట్టించేది ఏదైనా, కంప్రెసర్ ఉన్నది ఏదైనా నేరుగా గోడ సాకెట్‌కే. బోర్డుకు బోర్డు తగిలించడం అసలే వద్దు. అలా చేస్తే రెండు బోర్డుల లోడూ మొదటి బోర్డు ప్లగ్గు పిన్నుల మీద పడుతుంది. చివరి బోర్డులో షార్ట్ అయినా, దారి పొడవునా ఉన్న సన్నని వైరు నిరోధం వల్ల కరెంటు తగినంత పెరగక ఎంసీబీ వెంటనే పడకపోవచ్చు.

పాత వైరింగ్ గురించి కొద్దిగానే చెబుతాను. వయసు ఒక్కటే ప్రమాదం కాదు. నలభై ఏళ్ల నాటి రాగి వైరు తక్కువ లోడు మీద చల్లగా నడిచి ఉంటే ఇప్పటికీ మెత్తగా ఉండటం చూశాను. దాన్ని కదిలించినప్పుడు, దాని మీద కొత్త లోడు వేసినప్పుడు జాగ్రత్త కావాలి. గట్టిపడిన ఇన్సులేషన్ ఉన్న వైరును కొత్త సాకెట్‌లోకి వంచితే మడత దగ్గర పగులుతుంది, మూత బిగించాక అది మనకు కనిపించదు. అందుకే పాత లైను ముట్టుకున్న తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో చూడకుండా కరెంటు ఇవ్వకండి. ఒక మెగా ఓమ్‌కు తక్కువ చూపిస్తే ఆ లైను పనికిరాదు. పాత అల్యూమినియం వైరు ఉంటే మరీ జాగ్రత్త. దాని మీద ఆక్సైడ్ పొర గాలి తగిలిన వెంటనే ఏర్పడుతుంది, అది కరెంటును పోనివ్వదు. స్క్రూ కింద ఆ లోహం జారిపోతుంది కూడా. దాన్ని రాగి వైరుతో కలిపి మెలిపెట్టి టేపు చుట్టడం కంటే ప్రమాదకరమైన జాయింటు ఇంకొకటి లేదు. రెండు లోహాలకూ తగిన కనెక్టర్లు ఉన్నాయి, అవి దొరక్కపోతే పని ఆపండి.

మెగ్గర్ బాగుందని చెప్పినా లూజ్ కాంటాక్ట్ ఉండవచ్చు. అది చూసేది ఇన్సులేషన్‌ను మాత్రమే. జాయింటును పట్టుకోవడానికి లోడు వేసి చూడాలి. నేను చేసే పద్ధతి చెబుతాను. ఖాళీ సాకెట్‌లో వోల్టేజీ చూస్తాను. దాని మీద 2000 వాట్ల హీటర్ వేసి మళ్లీ చూస్తాను, ఎంత తగ్గిందో రాసుకుంటాను. తర్వాత అదే లైన్లోని పక్క సాకెట్లలోనూ అలాగే. ఒక సాకెట్‌లో 5 వోల్టులు తగ్గి, దాని తర్వాతి సాకెట్‌లో 9 తగ్గితే, ఆ రెంటి మధ్య కొద్ది మీటర్ల వైరు నాలుగు వోల్టులు తినదు. అక్కడ ఏదో జాయింటు ఉంది. ఆ రెండు సాకెట్లనూ విప్పితే దొరుకుతుంది. లోడు కొంచెంసేపు నడిచాక అన్ని మూతల మీదా చేతి వెనక భాగం ఆనించి చూడండి. పక్కవాటికంటే వెచ్చగా ఉన్నది ఏదైనా విప్పవలసిందే. వేడిని చూపే కెమెరా ఉంటే మంచిది, కానీ లోడు లేకుండా దాన్ని తిప్పి అంతా బాగుందని చెప్పి రావద్దు.

రంగు మారిన స్క్రూ కనిపిస్తే మళ్లీ బిగించి వదిలేయడం వైద్యం కాదు. ఆ రోజుకు నిరోధం తగ్గుతుంది, కానీ రాగి మీది పొర అలాగే ఉంటుంది, స్క్రూ మరలు వేడికి దెబ్బతిని ఉంటాయి. బాగున్న సాకెట్‌నే బిగించాలి, కాగినదాన్ని తీసి పారేయాలి.

మీరు వెళ్లేసరికే సాకెట్ పొగ చిమ్ముతుంటే, ప్లగ్గు పీకడానికి చేయి పెట్టకండి. డీబీలో మెయిన్ ఆపండి. కరెంటు పోయేదాకా నీళ్లు పోయకండి. కరెంటు ఆగాక కూడా వెంటనే వచ్చేయకండి. గోడ లోపల, చెక్క పలకల వెనక మాడిన ఇన్సులేషన్ నిదానంగా కాగుతూ ఉండవచ్చు. మూతలు విప్పి, గోడ మీద చేయి పెట్టి, పెట్టె లోపల నిజంగా చల్లబడిందని చూడాలి. గోడ లోపల వేడి పెరుగుతున్నట్టు అనిపించినా, మంట పెట్టె దాటి పాకినా ఇంట్లోవాళ్లందరినీ బయటికి పంపి అగ్నిమాపక దళాన్ని పిలవండి.

చివరగా మీ అందరినీ ఒకటి అడుగుతున్నాను. మీరు డీబీ విప్పిన ప్రతి చోటా, దాని తలుపు లోపలి వైపు చెరగని పెన్నుతో రాయండి: ఏ లైను ఏ వైరు సైజు, రాగా అల్యూమినియమా, దానికి పెట్టదగిన అత్యధిక ఎంసీబీ ఎంత, తేదీ. ఏ సాకెట్లు విప్పి చూశారో, ఏవి చూడలేకపోయారో కూడా. పెద్ద ఎంసీబీ పెట్టమని యజమాని అడిగితే మీరు నిరాకరించారనుకోండి, అది కూడా బిల్లు మీద కారణంతో సహా రాసి ఇవ్వండి. మీ తర్వాత ఆ తలుపు తెరిచే మనిషి గోడలో ఏ వైరు ఉందో ఊహించవలసిన పని ఉండదు. ఎంసీబీ మార్చమని అతన్ని ఎంత ఒత్తిడి చేసినా, చూపించడానికి అతని దగ్గర మీ రాత ఉంటుంది.

ఇట్లు,
మీ తోటి ఎలక్ట్రీషియన్